పీఎన్‌హెచ్: ఎర్రకణాలు పగలడానికీ, సిరల్లో రక్తం గడ్డకట్టడానికీ మూలం ఒకటే

క్లుప్తంగా: పరోక్సిస్మల్ నాక్టర్నల్ హీమోగ్లోబిన్యూరియా అనే జబ్బునే వైద్యులు పొట్టిగా పీఎన్‌హెచ్ అంటారు. ఇది తల్లిదండ్రుల నుంచి రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఎముక మజ్జలోని ఒక మూలకణంలో ఒక జన్యువు చెడిపోవడంతో మొదలవుతుంది. ఆ కణం నుంచి పుట్టే రక్తకణాల పైపొర మీద ఉండాల్సిన రక్షక ప్రొటీన్లు ఉండవు. అప్పుడు సూక్ష్మజీవుల్ని చంపాల్సిన కాంప్లిమెంట్ వ్యవస్థ సొంత రక్తకణాల మీదే విరుచుకుపడుతుంది. ఎర్రకణాలు పగిలి రక్తహీనత వస్తుంది. ప్లేట్‌లెట్లు రెచ్చిపోయి రక్తనాళాల్లో గడ్డలు కడతాయి. సరైన మందులు రాకముందు ఈ రోగుల ప్రాణాలు ఎక్కువగా తీసింది రక్తహీనత కాదు, ఆ గడ్డలే. మందు కాంప్లిమెంట్‌ను ఏ దశలో ఆపుతుందన్న దాన్ని బట్టి ఏ సమస్య తీరుతుంది, ఏది మిగులుతుంది అన్నది తేలుతుంది.

పీఎన్‌హెచ్ చాలా అరుదైన జబ్బు. పది లక్షల జనాభాలో ఏడాదికి ఒకరిద్దరికి కొత్తగా బయటపడుతుంది. అరుదు కావడం ఒక ఇబ్బందైతే, ఒక్కో రోగిలో ఒక్కో వేషంలో కనిపించడం అంతకంటే పెద్ద ఇబ్బంది. ఒకరు ఉదయం మూత్రం కోలా రంగులో వస్తోందని యూరాలజిస్టు దగ్గరికి వెళతారు. ఇంకొకరు తగ్గని నీరసంతో ఐరన్ మాత్రలు మింగుతూ ఏళ్లు గడుపుతారు. మరొకరికి ముప్పై ఏళ్లకే కాలేయం సిరల్లో రక్తం గడ్డకట్టి పొట్టలో నీరు చేరుతుంది. ఈ ముగ్గురి జబ్బూ ఒకటేనని అర్థం కావాలంటే రక్తకణం పైపొర దగ్గర ఏం జరుగుతోందో చూడాలి.

## రక్తంలో ఎప్పుడూ నడుస్తూ ఉండే దాడి

కాంప్లిమెంట్ అంటే రక్తంలో తిరిగే ముప్పైకి పైగా ప్రొటీన్ల బృందం. ఎక్కువ భాగం కాలేయంలో తయారవుతాయి. బ్యాక్టీరియా లోపలికి వస్తే యాంటీబాడీలు తయారయ్యేదాకా ఆగకుండా వెంటనే దాని మీద పడటం వీటి పని. ఈ వ్యవస్థకు శత్రువు కనబడితేనే మేల్కొనే అలవాటు లేదు. ఒక మార్గంలో ఇది రాత్రింబవళ్లు సన్నగా నడుస్తూనే ఉంటుంది.

ఆ మార్గంలో కీలకమైనది సీ3 అనే ప్రొటీన్. ఇది రక్తంలో తనంతట తానే కొద్దికొద్దిగా విచ్చుకుంటూ ఉంటుంది. విచ్చుకున్న ముక్క పక్కనే ఏ ఉపరితలం దొరికితే దానికి అతుక్కుంటుంది. అది బ్యాక్టీరియా కావచ్చు, మన ఎర్రకణమూ కావచ్చు. అతుక్కున్న ముక్కతో ఫ్యాక్టర్ బీ అనే మరో ప్రొటీన్ జతకడుతుంది. ఫ్యాక్టర్ డీ దాన్ని కోస్తుంది. ఇప్పుడు ఈ జంట ఒక ఎంజైమ్‌గా మారి మరిన్ని సీ3లను కోయడం మొదలుపెడుతుంది. కోసిన ప్రతి ముక్కా మళ్లీ అక్కడే అతుక్కుని ఇంకో ఎంజైమ్‌కు దారి తీస్తుంది. ఒకటి రెండై, రెండు నాలుగై, కొద్ది నిమిషాల్లో ఆ ఉపరితలం మొత్తం సీ3 ముక్కలతో నిండిపోతుంది.

ఆ తర్వాత వంతు సీ5ది. అది రెండుగా తెగుతుంది. ఒక ముక్క తెల్లకణాలను రెచ్చగొడుతుంది. రెండో ముక్క సీ6, సీ7, సీ8లను వరసగా చేర్చుకుని, చివరికి అనేక సీ9లను గుండ్రంగా పేర్చి కణం పొరలో ఒక రంధ్రం చేస్తుంది. ఆ రంధ్రం గుండా నీరు, లవణాలు లోపలికి చొరబడి కణం ఉబ్బి పగిలిపోతుంది.

మరి ఆరోగ్యవంతుల ఎర్రకణాలు రోజూ ఎందుకు పగలడం లేదు? వాటి పైపొర మీద రెండు కాపలా ప్రొటీన్లు ఉంటాయి గనుక. మొదటిది సీడీ55. సీ3ని కోసే ఎంజైమ్ జంట కుదురుకునేలోపే దాన్ని విడగొడుతుంది. రెండోది సీడీ59. ఇది చివరి దశలో నిలబడి సీ9లు గుండ్రంగా పేరుకోకుండా అడ్డుపడుతుంది. దాడి విస్తరించకుండా చూసేది ఒకటి, విస్తరించినా కణాన్ని చావనివ్వనిది మరొకటి. ఈ రెండు దశల తేడాను గుర్తుంచుకోవాలి. జబ్బు లక్షణాలూ, మందుల ఫలితాలూ అన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

## తయారైన ప్రొటీన్‌కు నిలిచే చోటు లేకపోతే

పీఎన్‌హెచ్ రోగుల్లో సీడీ55, సీడీ59 జన్యువులు చెడిపోవు. ఆ రెండు ప్రొటీన్లూ కణం లోపల మామూలుగానే తయారవుతాయి. చెడిపోయేది వాటిని పైపొరకు కట్టి ఉంచే జీపీఐ అనే కొవ్వు లంగరు. చొక్కాలు కుట్టి సిద్ధంగా ఉన్నా గోడకు కొక్కేలు లేనట్టు ఉంటుంది పరిస్థితి. లంగరు దొరకని ప్రొటీన్లను కణం లోపలే ముక్కలు చేసి పారేస్తుంది.

ఆ లంగరు తయారీలో మొట్టమొదటి అంచెకు పిగ్-ఏ అనే జన్యువు కావాలి. దాన్ని 1993లో జపాన్‌లోని ఒసాకాలో తారో కినోషిటా బృందం గుర్తించింది. లంగరు తయారీకి ఇరవైకి పైగా జన్యువులు పనిచేస్తాయి. అయినా దాదాపు అందరు రోగుల్లోనూ చెడిపోయేది ఈ ఒక్కటే. దానికి కారణం పిగ్-ఏ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం. మిగతా జన్యువులకు ప్రతి కణంలో రెండేసి నకళ్లు ఉంటాయి కాబట్టి ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. పురుషులకు ఎక్స్ ఒక్కటే. స్త్రీలకు రెండు ఉన్నా ప్రతి కణంలోనూ ఒకటి మూతపడి ఒకటే పనిచేస్తుంది. అందుకే ఎవరిలోనైనా ఒక్క దెబ్బతోనే లంగరు తయారీ మొత్తం ఆగిపోతుంది. జబ్బు స్త్రీపురుషులిద్దరిలోనూ దాదాపు సమానంగా కనిపించడానికీ ఇదే కారణం.

ఈ మార్పు మనిషి పుట్టిన తర్వాత ఎప్పుడో, ఎముక మజ్జలోని ఒక మూలకణంలో జరుగుతుంది. వీర్యకణాల్లోనో అండాల్లోనో కాదు కాబట్టి పిల్లలకు సంక్రమించదు. పెళ్లి సంబంధాల విషయంలోనూ, గర్భం విషయంలోనూ కుటుంబాలు పడే టెన్షన్‌లో ఈ ఒక్క సంగతి చాలా భారం తగ్గిస్తుంది. అయితే గర్భధారణ సమయంలో తల్లికి గడ్డల ముప్పు మాత్రం పెరుగుతుంది. అది వేరే విషయం, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. పిగ్-ఏ చెడిపోయిన కణాలు ఆరోగ్యవంతుల రక్తంలోనూ అతి తక్కువ సంఖ్యలో దొరుకుతాయి, పది లక్షల తెల్లకణాల్లో పదుల సంఖ్యలో. వాళ్లకు జబ్బు రాదు. రోగిలో మాత్రం ఆ కణాలు పెరిగి మజ్జలో పెద్ద భాగాన్నే ఆక్రమిస్తాయి. ఎందుకు? ఎక్కువ మంది పరిశోధకులు నమ్ముతున్న వివరణ ఏమిటంటే, ఈ రోగుల్లో రోగనిరోధక కణాలు సొంత మజ్జ మీదే దాడి చేస్తుంటాయి. ఆ దాడిలో మామూలు మూలకణాలు నశిస్తాయి, లంగరు లేనివి తప్పించుకుంటాయి. పోటీ లేని మైదానంలో అవే మిగిలి వృద్ధి చెందుతాయి. మజ్జ ఎండిపోయే అప్లాస్టిక్ అనీమియాకూ పీఎన్‌హెచ్‌కూ ఉన్న దగ్గరి సంబంధం ఈ వివరణకు బలమైన ఆధారం. అప్లాస్టిక్ అనీమియా రోగుల్లో చాలామందికి చిన్నదో పెద్దదో పీఎన్‌హెచ్ కణాల గుంపు కనిపిస్తుంది. అందుకే వాళ్లకు పీఎన్‌హెచ్ పరీక్ష అప్పుడప్పుడూ తిరిగి చేస్తుంటారు.

## ఎర్రకణం పగిలాక

ఎర్రకణానికి కేంద్రకం లేదు. మిగతా కణాలు పొరలో రంధ్రం పడిన చోటును ముక్కగా విదిల్చి బయటపడగలవు. ఎర్రకణానికి ఆ శక్తి చాలా తక్కువ. కాపలా లేని ఎర్రకణం 120 రోజులు బతకాల్సింది కొన్ని వారాల్లోపే పోతుంది. జ్వరం, ఆపరేషన్, ఇన్ఫెక్షన్ లాంటివి కాంప్లిమెంట్‌ను రెచ్చగొట్టినప్పుడు ఒకేసారి పెద్ద సంఖ్యలో పగులుతాయి.

ఈ పగలడం రక్తనాళాల లోపలే జరుగుతుంది. ఇది చాలా ముఖ్యమైన తేడా. చాలా రకాల హీమోలిటిక్ అనీమియాల్లో పాడైన ఎర్రకణాన్ని ప్లీహంలోని కణాలు మింగుతాయి, హీమోగ్లోబిన్ రక్తంలోకి పెద్దగా చిందదు, అందులోని ఇనుము ఒంట్లోనే ఉంటుంది. పీఎన్‌హెచ్‌లో హీమోగ్లోబిన్ నేరుగా ప్లాస్మాలోకి వస్తుంది. దాన్ని పట్టుకుని తొలగించడానికి హాప్టోగ్లోబిన్ అనే ప్రొటీన్ ఉంటుంది గానీ అది త్వరగా అయిపోతుంది. మిగిలిన హీమోగ్లోబిన్ మూత్రపిండాల గుండా వడపడి మూత్రంలోకి వెళుతుంది. రాత్రంతా మూత్రాశయంలో చిక్కబడిన మూత్రం ఉదయం ముదురు రంగులో కనిపిస్తుంది. ఎర్రకణాలు పగలడం మాత్రం పగలూ రాత్రీ సాగుతూనే ఉంటుంది. ముదురు మూత్రం అసలు కనిపించని రోగులే ఎక్కువ. మొదటిసారి ఆసుపత్రికి వచ్చే నాటికి ఆ లక్షణం ఉండేది సుమారు నలుగురిలో ఒకరికే.

మూత్రం ద్వారా ఇనుము పోతూ ఉండటం వల్ల కొంతమందికి ఐరన్ లోపం కూడా వస్తుంది. అప్పుడు రిపోర్టులో కనిపించేది మామూలు ఐరన్ లోపపు రక్తహీనతే. మన దగ్గర అది ఎంతో మందిలో ఉండేదే కాబట్టి వెనకున్న అసలు కారణం మరుగున పడిపోతుంది.

ప్లాస్మాలో తిరిగే హీమోగ్లోబిన్ ఇంకో నష్టం చేస్తుంది. రక్తనాళాల గోడల కణాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తుంటాయి. నాళాల కండరాలను సడలించేది, ప్లేట్‌లెట్లను శాంతంగా ఉంచేది అదే. బయటపడిన హీమోగ్లోబిన్ ఆ వాయువును చాలా వేగంగా మింగేస్తుంది. దాంతో మృదు కండరాలు బిగుసుకుంటాయి. మింగేటప్పుడు గొంతులో పట్టేయడం, తెరలు తెరలుగా వచ్చే కడుపునొప్పి, పురుషుల్లో అంగస్తంభన సమస్య, హీమోగ్లోబిన్ అంకెకు పొంతన లేనంత అలసట, ఇవన్నీ దీని వల్లే. రక్తం ఎక్కించాక హీమోగ్లోబిన్ పెరిగినా నీరసం తగ్గలేదని రోగి చెబితే, అది మానసికం అని కొట్టిపారేయకూడదు.

## గడ్డలు ఎందుకు కడతాయి

పీఎన్‌హెచ్ గడ్డలు కట్టే చోట్లు కాస్త విచిత్రంగా ఉంటాయి. కాలేయం నుంచి రక్తాన్ని తీసుకెళ్లే సిరలు, పేగుల సిరలు, మెదడు సిరలు. కాలి సిరల్లోనూ కట్టవచ్చు గానీ, కుర్ర వయసులో కాలేయ సిరలు మూసుకుపోతే పీఎన్‌హెచ్ పరీక్ష తప్పక చేయాలన్నది స్థిరపడిన నియమం. ఆ చోట్లే ఎందుకన్న దానికి శాస్త్రం దగ్గర ఇంకా పూర్తి జవాబు లేదు. గడ్డ ఎలా పుడుతుందన్నది మాత్రం చాలావరకు తెలుసు.

మొదటి నిందితుడు ప్లేట్‌లెట్. ఇది కూడా ఆ మూలకణం సంతానమే, దీని మీదా సీడీ59 ఉండదు. కాంప్లిమెంట్ దీని పొరలోనూ రంధ్రం చేయబోతుంది. ఎర్రకణంలా పగిలిపోకుండా ప్లేట్‌లెట్ ఆ భాగాన్ని చిన్న బుడగగా విదిల్చేసి బతుకుతుంది. కానీ ఆ బుడగల ఉపరితలం గడ్డకట్టే ప్రొటీన్లకు పనిచేసుకునే వేదిక అవుతుంది. రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్ తయారీ ఊపందుకుంటుంది. ఎర్రకణం తన చావుతో రక్తహీనత తెస్తే, ప్లేట్‌లెట్ తన బతుకు కోసం చేసిన పని గడ్డకు దారి తీస్తుంది.

దీనికి మరో రెండు కారణాలు తోడవుతాయి. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గడం వల్ల ప్లేట్‌లెట్లు చిన్న కారణానికే అతుక్కుంటాయి. ఇంకొకటి, గడ్డను కరిగించే యురోకినేజ్‌ను తెల్లకణాల మీద పట్టి ఉంచే ప్రొటీన్ కూడా ఆ జీపీఐ లంగరుతోనే నిలుస్తుంది. అది లేకపోతే కట్టిన గడ్డ కరగడమూ మందగిస్తుంది.

వీటిలో ఏది ఎంత అన్నది విడివిడిగా తూచి చెప్పలేరు. కానీ ఏ దశ ప్రధానమో చెప్పే ఆధారం మందుల నుంచి వచ్చింది. సీ5ను అడ్డుకునే ఎకులిజుమాబ్ మొదలుపెట్టాక గడ్డలు నూరు మంది రోగులకు ఏడాదికి సుమారు 7 నుంచి 1కి పడిపోయాయని 2007లో వచ్చిన విశ్లేషణ చూపింది. అప్పటికే రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతున్నవారిలోనూ ఆ తగ్గుదల కనిపించింది. అంటే వార్ఫరిన్ లాంటి మందులు ఒక్కటే ఆ గడ్డలను ఆపలేకపోయాయి. మంట మీద నీళ్లు చల్లడం కాక దాని మూలాన్నే ఆపాల్సి వచ్చింది.

ముప్పు అందరికీ సమానం కాదు. ఇంగ్లండ్‌లో లీడ్స్ కేంద్రం 2003లో ప్రచురించిన అధ్యయనంలో, తెల్లకణాల్లో సగానికి పైగా పీఎన్‌హెచ్ రకం ఉన్నవారిలో పదేళ్లలో గడ్డ కట్టే అవకాశం 44 శాతం. సగం కంటే తక్కువ ఉన్నవారిలో అది 6 శాతం లోపే. అందుకే రిపోర్టులో 'క్లోన్ సైజు' అనే అంకె అంత విలువైనది.

## ప్రకృతి చేసిన ప్రయోగాలు

రెండు కాపలా ప్రొటీన్లలో ఏది ఏ పని చేస్తుందో తేల్చడానికి ప్రకృతే కొన్ని అరుదైన కేసులు ఇచ్చింది. పుట్టుకతోనే సీడీ55 మాత్రమే లేని వ్యక్తులను జపాన్‌లో మొదట గుర్తించారు. వాళ్ల ఎర్రకణాలు చెప్పుకోదగ్గంతగా పగల్లేదు. సీడీ59 మాత్రమే లేని రోగిని 1990లో వర్ణించారు, అదీ జపాన్‌లోనే. ఆ రోగికి అచ్చం పీఎన్‌హెచ్‌లా ఎర్రకణాలు పగిలాయి, మెదడులో గడ్డ కూడా కట్టింది. దీంతో ఎర్రకణాన్ని నాళంలో పగలకుండా కాపాడేది ప్రధానంగా సీడీ59 అని రుజువైంది.

అలాగని సీడీ55ను తీసిపారేయలేం. 2017లో వర్ణించిన చాపిల్ అనే పిల్లల జబ్బులో శరీరంలోని అన్ని కణాల మీదా సీడీ55 ఉండదు. వాళ్ల పేగుల నుంచి ప్రొటీన్లు కారిపోతాయి, కడుపు సిరల్లో గడ్డలు కడతాయి. ఆ జబ్బుకూ సీ5ను ఆపే మందే పనిచేసింది. అంటే మొదటి కాపలా లేకపోతే దాడి అదుపు తప్పి, కింది దశల మీద భారం పెరిగి గడ్డల దాకా పోతుంది. పీఎన్‌హెచ్ రోగికి ఈ రెండూ లేవు.

## గుర్తించడం ఎలా: ఒక ఉదాహరణ

ఈ జబ్బు ఆసుపత్రిలో ఎలా విప్పుకుంటుందో చూడటానికి ఒక ఊహాజనిత రోగిని తీసుకుందాం. అంకెలు నిజ జీవితంలో కనిపించే తరహావే. వయసు 31, స్త్రీ. ఆరు నెలలుగా నీరసం, కడుపునొప్పి. హీమోగ్లోబిన్ 7.4. ఎల్‌డీహెచ్ 1,640, ల్యాబ్ గరిష్ఠ పరిమితి 250. ఎర్రకణాల్లో దండిగా ఉండే ఈ ఎంజైమ్ అంత పెరిగిందంటే కణాలు నాళాల్లోనే పగులుతున్నాయని అనుమానించాలి. హాప్టోగ్లోబిన్ దాదాపు లేదు. ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ తక్కువ. ప్లేట్‌లెట్లు 96 వేలు, అంటే మజ్జ కూడా కాస్త డీలా పడింది.

ఇక్కడ రెండు సులువైన పరీక్షలు దారి చూపిస్తాయి. మూత్రాన్ని స్ట్రిప్‌తో పరీక్షిస్తే 'బ్లడ్ 3 ప్లస్' అని వచ్చింది, సూక్ష్మదర్శినిలో మాత్రం ఎర్రకణాలు లేవు. అంటే మూత్రంలోకి వస్తున్నది కణాలు కాదు, విడి హీమోగ్లోబిన్. రెండోది కూంబ్స్ పరీక్ష. ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకుని పగులుతుంటే ఇది పాజిటివ్ వస్తుంది. ఈమెకు నెగటివ్. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి చిత్రం చూసినప్పుడు, ఎర్రకణాల్లో ఒక ఎంజైమ్ తక్కువగా ఉండే జీ6పీడీ లోపం కూడా మనసులో ఉంచుకోవాలి. అది కూడా నాళాల్లోనే కణాలను పగలగొడుతుంది, కూంబ్స్ నెగటివే వస్తుంది. కానీ అది సాధారణంగా ప్రైమాక్విన్ లాంటి మందు తర్వాతో, ఇన్ఫెక్షన్ తర్వాతో ఒక్కసారిగా వచ్చి తగ్గిపోతుంది. నెలల తరబడి సాగదు, సిరల్లో గడ్డలు తేదు.

చివరి నిర్ధారణ ఫ్లో సైటోమెట్రీతో. పూర్వం రక్తాన్ని ఆమ్లం కలిపిన సీరంలో ఉంచి కణాలు పగులుతాయా అని చూసేవారు. 1937లో థామస్ హామ్ వర్ణించిన పరీక్ష అది. ఇప్పుడు లేజర్ కాంతి ముందు ఒక్కో కణాన్నీ పంపి, దాని మీద సీడీ59 ఉందా లేదా అని లెక్కిస్తారు. తెల్లకణాలకైతే ఫ్లేర్ అనే రంగు పదార్థం వాడతారు. అది ఒక బ్యాక్టీరియా విషాన్ని హానిలేకుండా మార్చి చేసినది, నేరుగా జీపీఐ లంగరుకే అంటుకుంటుంది. ఫ్లేర్ అంటుకోని కణం మీద లంగరు లేనట్టే.

ఈమె రిపోర్టులో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల్లో పీఎన్‌హెచ్ రకం 86 శాతం, ఎర్రకణాల్లో మాత్రం 38 శాతం. ఒకే మూలకణం సంతానంలో ఇంత తేడా ఎందుకు? పీఎన్‌హెచ్ ఎర్రకణాలు ఎప్పటికప్పుడు పగిలిపోతున్నాయి గనుక రక్తంలో తక్కువగా మిగిలాయి. ఇదివరకే రక్తం ఎక్కించి ఉంటే దాత కణాలు కలిసి ఆ అంకె ఇంకా తగ్గుతుంది. న్యూట్రోఫిల్స్ అలా నశించవు, వాటిని ఎక్కించరు కూడా. అందుకే జబ్బు అసలు పరిమాణాన్ని చెప్పేది తెల్లకణాల అంకె. ఎర్రకణాల అంకె ఒక్కటే ఇచ్చిన రిపోర్టు చూసి జబ్బు చిన్నదని తీర్మానిస్తే గడ్డల ముప్పును తక్కువగా అంచనా వేసినట్టే.

కడుపునొప్పి సంగతి డాప్లర్ స్కాన్‌లో తేలింది. మూడు ప్రధాన కాలేయ సిరల్లో రెండింటిలో రక్తప్రవాహం లేదు.

## చివర్లో ఆపితే ఒకటి, మొదట్లో ఆపితే ఒకటి

ఈమెకు రక్తాన్ని పలచబరిచే మందుతో పాటు సీ5ను అడ్డుకునే మందు మొదలుపెట్టారనుకుందాం. ఆ తరహాలో మొదటిది ఎకులిజుమాబ్. అమెరికాలో 2007లో అనుమతి పొందింది, రెండు వారాలకోసారి సెలైన్ ద్వారా ఇస్తారు. 2018లో వచ్చిన రావులిజుమాబ్‌ను ఎనిమిది వారాలకోసారి ఇస్తే చాలు. సీ5 తెగకపోతే రంధ్రం పడదు. అంటే ఈ మందు సీడీ59 లేని లోటును భర్తీ చేస్తోంది.

మూడు నెలల తర్వాత ఎల్‌డీహెచ్ 260కి దిగింది. మూత్రం తేటపడింది, కొత్త గడ్డలు లేవు. కానీ హీమోగ్లోబిన్ 9.3 దగ్గరే ఆగిపోయింది. మజ్జ హడావుడిగా తయారుచేసే కుర్ర ఎర్రకణాలు ఇంకా ఎక్కువగానే ఉన్నాయి. మొదట నెగటివ్ వచ్చిన కూంబ్స్ పరీక్ష ఇప్పుడు పాజిటివ్. అయితే దొరికింది యాంటీబాడీ కాదు, సీ3 ముక్కలు.

మందు పనిచేయలేదని దీన్ని బట్టి అనుకోకూడదు. మందు తన పని తాను చేసింది. సీడీ55 లేని లోటు మాత్రం అలాగే ఉంది. ఎర్రకణం మీద సీ3 ముక్కలు పేరుకుంటూనే ఉన్నాయి. ఇదివరకు ఆ కణం పగిలిపోయేది గనుక ఆ పేరుకోవడం మనకు కనిపించలేదు. ఇప్పుడు పగలక మిగిలిన కణాన్ని, దాని మీది సీ3 గుర్తు చూసి కాలేయంలోని కణాలు మింగేస్తున్నాయి. నాళంలో జరగాల్సిన నష్టం కాలేయానికి మారింది. హీమోగ్లోబిన్ ప్లాస్మాలోకి చిందదు కాబట్టి గడ్డల ముప్పు తగ్గింది, రక్తహీనత మాత్రం సగమే తీరింది. మందు రాక ముందు ఎవరూ పెద్దగా గమనించని సీడీ55 పాత్ర మందు వచ్చాక ఇలా బయటపడింది.

దీనికి జవాబుగా ఇంకా ముందు దశలో ఆపే మందులు వచ్చాయి. సీ3ని అడ్డుకునే పెగ్సెటకోప్లాన్ 2021లో, ఫ్యాక్టర్ బీని అడ్డుకునే ఇప్టాకోపాన్ 2023లో అమెరికాలో అనుమతి పొందాయి. ఇప్టాకోపాన్ రోజుకు రెండుసార్లు మింగే మాత్ర. ఫ్యాక్టర్ డీని అడ్డుకునే డానికోపాన్‌ను సీ5 మందుకు తోడుగా ఇస్తారు. మన ఉదాహరణలోని రోగి ఇప్టాకోపాన్‌కు మారితే హీమోగ్లోబిన్ 12 దాటడం ఆశించదగ్గ ఫలితమే. సీ3 ముక్కలు పేరుకోవు, కాలేయం మింగదు.

ఈ మందు మొదలుపెట్టాక ఫ్లో సైటోమెట్రీలో పీఎన్‌హెచ్ ఎర్రకణాలు 38 నుంచి 85 శాతానికి పెరిగితే కంగారు పడనక్కర్లేదు. జబ్బు ముదరడం వల్ల కాదు, ఆ కణాలు బతుకుతుండటం వల్ల ఆ అంకె పెరిగింది. కానీ దీని వెనకే అసలు ప్రమాదం ఉంది. ఇప్పుడు ఒంట్లోని ఎర్రకణాల్లో అత్యధిక భాగం కాపలా లేనివే, వాటిని నిలబెడుతున్నది మందు ఒక్కటే. ప్రయాణంలో రెండు మూడు డోసులు మర్చిపోయినా, గట్టి ఇన్ఫెక్షన్ వచ్చి కాంప్లిమెంట్ ఒక్కసారిగా పెరిగినా, ఇదివరకటి కంటే ఎక్కువ కణాలు ఒకేసారి పగలవచ్చు. దానితో పాటే గడ్డల ముప్పూ తిరిగి వస్తుంది. అందుకే మాత్ర వేసుకోవడం సులువైనా, మానేయడం సీ5 ఇంజెక్షన్ ఆలస్యం కావడం కంటే ప్రమాదకరం కావచ్చు. వైద్యులు మందు ఎంచేటప్పుడు రోగి డోసు తప్పకుండా వేసుకోగలరా అని అడగడం లాంఛనం కాదు.

## కాంప్లిమెంట్‌ను ఆపినందుకు చెల్లించే మూల్యం

చివర్లో ఆపినా మొదట్లో ఆపినా రంధ్రం చేసే ఆయుధం శరీరం చేతిలో ఉండదు. మెనింజోకాకస్ అనే బ్యాక్టీరియాను చంపడానికి ఆ ఆయుధం తప్పనిసరి. సీ5 మందులు వాడేవారిలో ఈ ఇన్ఫెక్షన్ ముప్పు సాధారణ జనం కంటే వెయ్యి రెట్లకు పైగా ఎక్కువని లెక్క. అది గంటల్లో ప్రాణాంతకం కాగలదు. అందుకే మందుకు కనీసం రెండు వారాల ముందే మెనింజోకాకస్ టీకాలు వేస్తారు. మందు అత్యవసరమైతే టీకాతో పాటు యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. సీ3 దశలో ఆపే మందులకు న్యూమోకాకస్ లాంటి బ్యాక్టీరియాల మీద కూడా టీకాలు కావాలి. టీకా వేసుకున్నా ముప్పు పూర్తిగా పోదు. ఈ మందుల మీద ఉన్నవారికి జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు, అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలి. వాళ్లు వాడుతున్న మందు పేరు రాసిన కార్డు వెంట ఉంటే క్యాజువాలిటీలో డాక్టరుకు విషయం వెంటనే అర్థమవుతుంది.

రెండో మూల్యం డబ్బు. ఎకులిజుమాబ్ అమెరికాలో ఏడాదికి 4 లక్షల డాలర్లకు పైగా ధరతో ప్రపంచంలోని అత్యంత ఖరీదైన మందుల్లో ఒకటిగా నిలిచింది. జీవితాంతం వాడాల్సిన మందు ఇది, ఎందుకంటే ఏ కాంప్లిమెంట్ మందూ చెడిన మూలకణాన్ని తాకదు. జబ్బును మూలంతో సహా తీసేది ఎముక మజ్జ మార్పిడి ఒక్కటే. అందులో ప్రాణాపాయం ఉంది కాబట్టి, మందులు దొరికే దేశాల్లో దాన్ని మజ్జ బాగా ఎండిపోయిన రోగులకే ఎక్కువగా ఉంచుతారు. మందు ధర అందనిచోట, సరిపడే తోబుట్టువు దాత ఉన్న యువ రోగికి మార్పిడి గురించి ముందుగానే ఆలోచిస్తారు. మిగతావారికి రక్తం ఎక్కించడం, ఫోలిక్ యాసిడ్, ఐరన్, గడ్డలకు మందులే ఆధారం. ఐరన్ ఇచ్చినప్పుడు కొత్తగా పుట్టే పీఎన్‌హెచ్ కణాల వల్ల కొద్ది రోజులు మూత్రం మళ్లీ ముదురుగా రావచ్చు. అది ముందే చెబితే రోగి భయపడి మాత్రలు ఆపేయరు.

ఏ చికిత్స అందుబాటులో ఉన్నా లేకపోయినా, క్లోన్ సైజు సగం దాటిన రోగి కొత్తగా తలనొప్పి, కడుపు ఉబ్బరం, ఒక కాలి వాపు అని చెబితే దాన్ని గడ్డగానే అనుమానించి అదే రోజు స్కాన్ చేయాలి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నాయి కాబట్టి గడ్డ కట్టదులే అన్న ధీమా పీఎన్‌హెచ్‌లో చెల్లదు. ఉన్న కొద్దిపాటి ప్లేట్‌లెట్లే రెచ్చిపోయి ఉంటాయి.